ఒక నీలం, రెండు హోమాలు, లక్షా ఎనభై ఆరు వేలు: ఒక పరిహారాల కేస్ స్టడీ

జాతకుడి వయసు 29. కాకినాడ వాళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయి అయిదు నెలలైంది, రెండు సంబంధాలు మాటల దాకా వచ్చి ఆగిపోయాయి. వాళ్లమ్మగారు ఫోన్లో ఒక జ్యోతిష్కుడికి జాతకం చూపించారు. ఆయన 2,100 రూపాయలు తీసుకుని ముప్పావుగంట మాట్లాడి, మర్నాడు వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపారు. అందులో పరిహారాలు, వాటి ఖర్చులు ఇలా ఉన్నాయి: ఏలినాటి శనికి 5¼ రత్తుల నీలం, వెండి ఉంగరంతో కలిపి 1,20,000. కాలసర్ప దోష శాంతి హోమం 36,000. శని జపం, హోమం, తర్పణాలు 25,000. సిద్ధి చేసిన శని యంత్రం 5,500. మొత్తం 1,86,500.

తల్లీకొడుకులు రాజమండ్రిలో నా దగ్గరికి వచ్చేటప్పటికి నీలం కొనేశారు, ఆరు వారాలుగా అబ్బాయి వేలికే ఉంది. ఆ డబ్బు అమ్మగారి గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చింది. మిగతా 66,500 కట్టాలా వద్దా అన్నదే వాళ్ల ప్రశ్న. పేర్లు రాయడం లేదు. వివరాలు రాయడానికి వాళ్లు ఒప్పుకున్నారు.

నా సంగతి కూడా ముందే చెప్పాలి. జాతకం చూడటం నా వృత్తి, దానికి ఫీజు తీసుకుంటాను. రాళ్లు అమ్మను. అమ్మే షాపుకి పంపిస్తే బిల్లులో పాతిక శాతం ఇస్తామని నన్నూ అడిగినవాళ్లున్నారు. కాబట్టి ఆ పీడీఎఫ్ ఎలా తయారవుతుందో నాకు కొంత తెలుసు.

జాతకం ఏం చెబుతోంది

పుట్టింది 1996 ఆగస్టు మొదటి వారం, ఉదయం సూర్యోదయానికి దగ్గరగా. కర్కాటక లగ్నం, లగ్నంలోనే రవి. చంద్రుడు మేషంలో, అశ్విని నక్షత్రం. గురుడు ధనుస్సులో స్వక్షేత్రంలో ఉన్నాడు. శని, కేతువు మీనంలో, రాహువు కన్యలో. కుజ శుక్రులు మిథునంలో, బుధుడు సింహంలో.

మొదట కాలసర్పం సంగతి. ఏడు గ్రహాలూ రాహుకేతువుల మధ్య ఒకే వైపు ఉంటేనే దాన్ని కాలసర్పం అంటారు. ఇక్కడ రాహువు కన్యలో, కేతువు మీనంలో. గురుడు, శని ఒక వైపు ఉంటే రవి, చంద్ర, కుజ, బుధ, శుక్రులు రెండో వైపు ఉన్నారు. అంటే ఆ నిర్వచనం ప్రకారమే ఈ జాతకంలో కాలసర్పం లేదు. చక్రం ముందు పెట్టుకుని వేలితో గ్రహాలు లెక్కపెట్టగలిగిన ఎవరికైనా నిమిషంలో తేలిపోతుంది. అబ్బాయి చేతే లెక్కపెట్టించాను. తర్వాత వాళ్లు ఫోన్ చేసి అడిగితే ఆ పీడీఎఫ్ పంపిన జ్యోతిష్కుడు "అది అర్ధ కాలసర్పం" అన్నారట. అర్ధ కాలసర్పం అనేదాన్ని ఒప్పుకుంటే భూమ్మీద దోషం లేని జాతకం దొరకడం కష్టం. అసలు కాలసర్పమనే మాటే వరాహమిహిరుడి బృహజ్జాతకంలో గానీ పరాశర హోరలో గానీ లేదు. పరాశరుడు చెప్పే సర్పయోగం వేరు, దానికి కేంద్రాల్లో పాపగ్రహాలుండాలి. పాతకాలం శాస్త్రంలో లేనంత మాత్రాన తప్పనను, కానీ 36,000 అడిగేవాళ్లు ఈ సంగతి చెప్పి అడగాలి.

ఇక శని. 2025 మార్చి 29న శని మీనంలోకి వచ్చాడు కాబట్టి మేషరాశి వాళ్లకి ఏలినాటి శని మొదలైన మాట నిజమే. వాక్య పంచాంగమనే పాత లెక్క పాటించే తిరునళ్ళార్ శని గుడిలో అయితే ఆ మార్పు 2026లో. ఎలా చూసినా ఇది ఏడున్నరేళ్ల వ్యవహారం. మేషం, మీనం, కుంభం మూడు రాశుల వాళ్లకీ ఒకేసారి నడుస్తుంది, అంటే సుమారుగా జనాభాలో నాలుగో వంతుకి. అంతమందికీ ఉద్యోగాలు పోలేదు. అమ్మగారికి ముందు చెప్పింది ఇదే.

అయితే ఏలినాటి శనికి నీలం పెట్టాలా? ఇక్కడే మా వాళ్లలో మూడు దారులున్నాయి. లగ్నానికి శుభులైన గ్రహాల రాళ్లే పెట్టాలన్నది ఒకటి. ఆ లెక్కన కర్కాటక లగ్నానికి ముత్యం, పగడం, పుష్యరాగం వస్తాయి. శని ఏడు, ఎనిమిది స్థానాలకి అధిపతి కాబట్టి నీలం పనికిరాదు. నడుస్తున్న దశానాథుడి రాయి పెట్టాలన్నది రెండోది. ఈ అబ్బాయికి శుక్రదశ 2021లో అయిపోయి రవి దశ నడుస్తోంది కాబట్టి కెంపు పెట్టమంటారు. బాధిస్తున్న గ్రహానిదే పెట్టి శాంతింపజేయాలన్నది మూడోది, నీలం వచ్చింది ఆ దారిలోనే. మొదటి దారి వాళ్లు దీన్ని వింటే, రాయి గ్రహబలం పెంచుతుందంటూనే బాధించేవాడి బలం పెంచడమేంటని అడుగుతారు. ఒకే జాతకానికి ముగ్గురు పండితులు మూడు రాళ్లు రాస్తారు, ముగ్గురి దగ్గరా "ఫలించిన" కేసులుంటాయి. ఇది తెలిశాక ఒక రాయి మీద లక్ష పెట్టాలంటే నాకు చెయ్యి రాదు.

నవరత్నాలకి, నవగ్రహాలకి సంబంధం జాతక పారిజాతంలో శ్లోకంగా ఉంది. అంతకు ముందు, ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో రత్నపరీక్ష రాశాడు. అది ముఖ్యంగా రాజు దగ్గర ఉండదగిన రత్నాల లక్షణాల గురించి. మంచి రత్నం శుభం, దోషమున్నది కీడు అంటాడు. ఆ "దోషమున్నది" అన్నమాట కాసేపట్లో పనికొస్తుంది. పరాశర హోరలో దశాఫలాలకి పరిహారం చెప్పినచోట్ల ఎక్కువగా కనిపించేవి జపం, దానం.

"వేసుకున్న మూడో రోజే కాల్ వచ్చింది"

అమ్మగారికి ఆ రాయి మీద గురి ఉంది. "పంతులుగారూ, మీరేమన్నా అనండి, పెట్టుకున్న మూడో రోజే ఇంటర్వ్యూకి కాల్ వచ్చింది" అన్నారు. నీలం అమ్మేవాళ్లంతా మూడు రోజుల మాట చెబుతారు. దిండు కింద పెట్టుకుని చూడండి, మంచి జరిగితే పడినట్టు, చెడ్డ కల వస్తే పడనట్టు అంటారు. మూడు రోజుల్లో మంచో చెడో ఏదో ఒకటి జరగని ఇల్లుంటుందా? ఏం జరిగితే ఆ పరీక్ష తప్పినట్టో ముందే చెప్పకపోతే అది పరీక్షే కాదు.

అందుకే అబ్బాయిని ఫోన్ తీసి మెయిల్ తెరవమన్నాను. ఇంటర్వ్యూకి పిలుస్తూ వచ్చిన మెయిల్స్ తేదీల వారీగా ఒక కాగితం మీద రాశాం. ఉంగరం పెట్టుకోకముందు నాలుగు వారాల్లో అయిదు పిలుపులు, పెట్టుకున్నాక ఆరు వారాల్లో ఆరు. వారానికి ఒకటి చొప్పున ముందూ వస్తున్నాయి, తర్వాతా వస్తున్నాయి. కొంచెం తగ్గాయేమో గానీ పెరగలేదు. అమ్మగారు ఆ కాగితం చాలాసేపు చూశారు. "మరి మూడో రోజు...?" అన్నారు. మూడో రోజు వచ్చింది నిజమే, అంతకు ముందు వారంలో వచ్చినదాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు.

నా అభిప్రాయం సూటిగా చెప్పాను. రాయి వల్ల ఉద్యోగమో పెళ్లో వస్తుందని చూపించే ఆధారం నాకు ఇన్నేళ్లలో కనపడలేదు. జాతకం చూసే నేనే ఈ మాట అంటే కొంతమంది తోటివాళ్లకి కోపం వస్తుంది. రానివ్వండి.

రాయిని రాయిలా చూస్తే

ఫలితం సంగతి ఎలా ఉన్నా, కొన్న వస్తువు చెప్పిన వస్తువేనా అన్నది తేల్చుకోవచ్చు. మొదట బరువు. రత్తి అంటే గురివింద గింజ బరువు, కానీ ఏ రత్తి? పాత కంసాలి లెక్కలో రత్తి సుమారు 121 మిల్లీగ్రాములు. ఇప్పుడు రత్నాల వ్యాపారులు వాడే పక్కా రత్తి సుమారు 182. అంటే 5¼ రత్తులు ఒక లెక్కలో 3.2 క్యారట్లు, ఇంకో లెక్కలో దాదాపు 4.8 క్యారట్లు. ధర రత్తికి చెప్పి బరువు ఏ రత్తో చెప్పకపోతే తేడా అక్కడే వస్తుంది. క్యారట్ అంటే మాత్రం ఎక్కడైనా 200 మిల్లీగ్రాములే, అందుకే బిల్లు క్యారట్లలో అడగాలి. వీళ్ల విషయంలో బరువులో మోసం లేదు: రాయి 4.78 క్యారట్లు తూగింది. రాయి వరకే 1,15,500 అన్నారు కాబట్టి క్యారట్ 24,000 పైనే పడింది.

పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దంలో చూస్తే నాకు అనుమానం వచ్చింది. రంగు రాయంతా సమానంగా లేదు, లోపలి పగుళ్ల వెంబడి నీలం చిక్కగా పేరుకుని ఉంది. ఉంగరాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పితే ఆ పగుళ్లలో ఒక నీలి మెరుపు వచ్చిపోతోంది. రెండు చోట్ల చిన్న గుండ్రటి గాలి బుడగలున్నాయి. భూమిలో పెరిగిన నీలంలో గుండ్రటి గాలి బుడగలకి పనిలేదు, అవి గాజు లక్షణం. ఇలాంటప్పుడు నా కన్ను చాలదు. రాయిని ఉంగరంలోంచి ఊడదీయించి హైదరాబాద్‌లో రత్నాల లాబ్‌కి ఇమ్మన్నాను. రెండు వేల లోపే అయింది.

రిపోర్టులో మొదటి లైను చూసి అమ్మగారు సంతోషపడ్డారు: నేచురల్ కోరండం. కింద వ్యాఖ్యల గడిలో చిన్న అక్షరాల్లో అసలు విషయముంది: పగుళ్లలో రంగు గాజు నింపారు.

ఇది చాలామందికి తెలియని చోటు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. నీలం అంటే కోరండం, అల్యూమినియం ఆక్సైడ్. ఇనుము, టైటానియం కొద్దిగా కలిసి ఆ నీలి రంగునిస్తాయి. గనిలోంచి వచ్చిన రంగుతోనే, ఏమీ చేయకుండా సానపట్టినది అరుదు, దాని ధర చాలా ఎక్కువ. చాలా రాళ్లని కొలిమిలో కాలుస్తారు. దాంతో లోపలి సన్నటి సూదుల్లాంటి పోగులు కరిగి రాయి తేటపడుతుంది, రంగు మెరుగవుతుంది. ఇది వ్యాపారంలో మామూలే, చెప్పి అమ్మితే తప్పు లేదు, ధర తక్కువగా ఉండాలంతే. మూడో రకం, పగుళ్లతో నిండి సానకి పనికిరాని తక్కువరకం కోరండంలోకి కోబాల్ట్ కలిపిన సీసపు గాజు కరిగించి ఎక్కించడం. చూడటానికి చిక్కటి నీలం, క్యారట్ కొన్ని వందల రూపాయలు. నిమ్మరసం లాంటి పులుపు తగిలినా, కంసాలి ఉంగరం బిగించేటప్పుడు వేడి తగిలినా ఆ గాజు పాడైపోతుంది.

అమ్మినాయన "నేచురల్ కాకపోతే డబ్బు వాపస్" అన్నాడు. సహజమైనదే కాబట్టి ఆ మాటకి కట్టుబడినట్టే! సింథటిక్ అయితే అబద్ధం అయ్యేది. మామూలు షాపులో వక్రీభవన గుణకం చూసినా 1.76, 1.77 దగ్గరే వస్తుంది, ఎందుకంటే ఆ భాగం నిజంగా కోరండమే. రాయితో ఇచ్చిన చిన్న కార్డు మీద "ట్రీట్‌మెంట్" అన్న గడి ఖాళీగా వదిలేశారు. నీలం, కెంపు కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న సహజమా కాదా అని కాదు, దీనికి ఏం చేశారు అని. జవాబు అమ్మేవాడి కార్డు మీద కాకుండా వేరే లాబ్ కాగితం మీద ఉండాలి. ఉంగరం మీది హాల్‌మార్క్ లోహం స్వచ్ఛతకే, రాయికి కాదు.

ఇక్కడ వరాహమిహిరుడు గుర్తొచ్చాడు. పగుళ్లున్న రత్నం దోషరత్నం, కీడు చేస్తుందని శాస్త్రమే అంటుంటే, పగుళ్ల నిండా సీసం పోసినదాన్ని శాస్త్రం పేరు చెప్పే అమ్మారు. రాయిని నమ్మేవాళ్లు కూడా దీన్ని వేలికి పెట్టుకోకూడదు. అమ్మగారికి నా మిగతా వాదనలన్నిటికంటే ఈ మాటే పట్టింది.

జపం లెక్క

శని జపానికి 25,000 ఎక్కువా తక్కువా అన్నది ఎవరు చేస్తారు, ఎన్నిగంటలు చేస్తారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. మన వైపు శనికి 19,000 జపం చెబుతారు, దశ 19 ఏళ్లు కదా. జపంలో పదోవంతు హోమం, అంటే 1,900 ఆహుతులు. అందులో పదోవంతు తర్పణం. "నీలాంజన సమాభాసం" శ్లోకం తొందర పడకుండా చెబితే ఎనిమిది సెకన్లు పడుతుంది. 19,000 సార్లంటే 42 గంటలు. ఒక్కరు రోజుకి అయిదు గంటలు కూర్చుంటే ఎనిమిది రోజులు దాటుతుంది, నలుగురు కూర్చుంటే రెండు రోజులు. పీడీఎఫ్‌లో "శనివారం ఉదయం 6 నుంచి 11 వరకు, వీడియో కాల్‌లో గోత్రనామాలతో" అని ఉంది. అయిదు గంటల్లో 19,000 పూర్తవ్వాలంటే ఎనిమిది, తొమ్మిది మంది ఏకధాటిగా జపించాలి, హోమానికి వేరే సమయం కావాలి. ఎంతమంది ఋత్విక్కులని అబ్బాయి మెసేజ్ పెడితే "మా పీఠం తరఫున అంతా చూసుకుంటాం" అని జవాబు.

వైదికులకి దక్షిణ ఇవ్వడంలో నాకేం అభ్యంతరం లేదు. రెండు రోజులు నలుగురు గొంతు ఎండబెట్టుకుని జపం చేస్తే అది వాళ్ల కష్టం, దానికి తగ్గట్టు ఇవ్వాలి. కానీ ఇక్కడ దేనికి డబ్బిస్తున్నారో అమ్మేవాళ్లే చెప్పడం లేదు. యంత్రం గురించి రాయడానికి ఏమీ లేదు. రాగిరేకు, 5,500.

ఇవన్నీ వద్దంటే అమ్మగారికి టెన్షన్ పెరుగుతుందని నాకు తెలుసు. ఏదో ఒకటి చేస్తే గానీ ఆమెకి నిద్రపట్టదు. అందుకని అదే సంప్రదాయంలో ఉన్న చవక దారి చెప్పాను. కోనసీమలో మందపల్లి మందేశ్వరస్వామి గుడిలో శనికి తైలాభిషేకం చేయించుకోవచ్చు. రావులపాలెం బస్సెక్కితే దగ్గరే, ఖర్చు వందల్లోనే. శని త్రయోదశినాడు విపరీతమైన జనం కాబట్టి మామూలు శనివారం వెళ్లమన్నాను. నల్ల నువ్వులు, నువ్వులనూనె, నల్లబట్ట దానం ఇవ్వొచ్చు. శ్లోకం అబ్బాయే రోజూ చదువుకోవచ్చు, దానికెవరికీ డబ్బివ్వక్కర్లేదు. రాహుకేతువుల భయం పోవాలంటే శ్రీకాళహస్తిలో పూజ ఉంది, టికెట్లు 500 నుంచి 5,000 దాకా. మంత్రం అదే, కూర్చునే చోటు మారుతుంది. ఇవి చేస్తే ఉద్యోగం వస్తుందని నేను చెప్పలేదు. "మనసుకి ఊరట అమ్మా, అంతకంటే పెద్ద మాట నేను అనను" అన్నాను.

నేను పాటించే గీత ఒకటుంది. ఆ కుటుంబం మామూలుగా ఒక తీర్థయాత్రకి పెట్టుకునే ఖర్చు దాటే పరిహారం రాయను, అప్పు చేసి చేయాల్సినది అసలే రాయను. వీళ్లకి ఆ గాజుల మీద నూటికి రూపాయి వడ్డీ చొప్పున నెలకి 1,200 పడుతోంది. ఆరు వారాలకి 1,800 అప్పటికే పోయింది. ఉద్యోగం లేని ఇంట్లో ఏలినాటి శని ప్రభావం అంటూ ఏదైనా ఉంటే ఆ వడ్డీలోనే ఉంది.

డబ్బు వెనక్కి

బిల్లు చూపించమంటే ఎస్టిమేట్ చీటీ తీశారు. జీఎస్టీ నంబరు లేదు. కానీ డబ్బు అబ్బాయి ఖాతానుంచి యూపీఐలో నాలుగు విడతలుగా వెళ్లింది, వాట్సాప్‌లో అమ్మినాయన "అన్‌ట్రీటెడ్ సిలోన్ నీలం" అని తన చేత్తో రాశాడు. చీటీకంటే ఈ ఒక్క మెసేజ్ విలువెక్కువ, స్క్రీన్‌షాట్లు తీసి చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోమన్నాను. తెలిసిన లాయరుగారి చేత నోటీసు రాయించాం: మీరు చెప్పింది ఇది, లాబ్ చెప్పింది ఇది, పదిహేను రోజుల్లో పూర్తి డబ్బు వాపసు, లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం అయిదు లక్షల లోపు కొనుగోలుకి అక్కడ ఫిర్యాదు ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కూడా నమోదు చేయించారు. జ్యోతిష్యం నిజమా కాదా అన్నది నోటీసులో ఎక్కడా రాలేదు. ఆ గొడవలోకి దిగితే ఏళ్లు పడుతుంది. ఒక వస్తువు పేరు చెప్పి ఇంకోటి అమ్మారన్నదే ఫిర్యాదు.

ఆయన మొదట "ఒకసారి ధరించిన రాయి తీసుకోం" అన్నాడు. నోటీసు అందాక రాయి బదులు పుష్యరాగం ఇస్తానని, హోమం ఉచితంగా చేయిస్తానని బేరానికి వచ్చాడు. అబ్బాయి ఒప్పుకోలేదు. చివరికి రెండు విడతల్లో 90,000 వేశాడు. అందులోంచే గాజులు విడిపించారు, తక్కువపడింది అబ్బాయి పాత పొదుపులోంచి కలిపారు.

తర్వాత అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, పాత జీతం కంటే కొంచెం తక్కువకి. ఆ కంపెనీ మొదటి రౌండ్ ఉంగరం తీసేశాక జరిగింది, ఆఫర్ వచ్చింది శ్రీకాళహస్తి వెళ్లొచ్చిన వారానికి. 750 టికెట్ పూజ చేయించారు. అమ్మగారు పూజ వల్లే అంటారు, అబ్బాయి తను రెండు నెలలు కూర్చుని చదివిన జావా వల్ల అంటాడు. మిగిలిన 30,000 కోసం కమిషన్‌లో ఫిర్యాదు వేశారు, ఇంకా వాయిదాల్లో ఉంది. రాయిని లాబ్ సీలు వేసిన కవరులోనే ఉంచమని, సరిచూడ్డానికైనా బయటికి తీయొద్దని చెప్పాను. అవతలి లాయరు మొదట అడిగేది ఇది అదే రాయని ఏంటి రుజువని.